పై సెల్ కంటే విలువ మారితే రంగు వేయడం: నాలుగు పద్ధతుల్లో మీకు ఏది సరిపోతుంది?

షీట్‌లో ఒక విలువ పై వరుసలోని విలువ కంటే మారిన చోట రంగు పడాలి. వినడానికి చిన్న పనే. చేద్దామని కూర్చుంటే మాత్రం నాలుగు దారులు కనిపిస్తాయి, నాలుగూ మొదటి రోజు సరిగ్గానే పనిచేస్తాయి. తేడా తర్వాత తెలుస్తుంది. మధ్యలో ఒక వరుస చేర్చినప్పుడో, ఎవరో ఒక రేటు ఖాళీగా వదిలేసినప్పుడో, ఓనరు వచ్చి "ఈ నెలలో ఎన్నిసార్లు రేటు మారింది?" అని అడిగినప్పుడో. అందుకే పద్ధతిని ఎంచుకునేముందు మీ షీట్ గురించి మూడు విషయాలు తేల్చుకోండి.

మొదటిది, "మారింది" అంటే మీ ఉద్దేశం ఏమిటి? సరిగ్గా పై సెల్ కంటే మారడమా, లేక అదే సరుకు, అదే మనిషి, అదే ఖాతాకు చెందిన పాత విలువ కంటే మారడమా? చాలామందికి కావాల్సింది రెండోది, కానీ వాళ్లు రాసేది మొదటిదానికి సరిపోయే ఫార్ములా. రెండోది, షీట్ మధ్యలో వరుసలు చేర్చడం, తీసేయడం జరుగుతుందా, లేక ఎప్పుడూ కిందే రాసుకుంటూ పోతారా? మూడోది, కంటికి కనబడితే చాలా, లేక ఆ మార్పులను లెక్కపెట్టి ఎవరికైనా చూపించాలా?

ఇక్కడ ఉదాహరణకు కిరాణా షాపు కొనుగోళ్ల రిజిస్టరు తీసుకుంటాను. రేటు ఎక్కడ మారిందో వెతకాల్సిన అవసరం దీనిలోనే ఎక్కువ. సరుకు పేరు ప్రకారం, ఆ తర్వాత తేదీ ప్రకారం సార్ట్ చేసిన షీట్ ఇది. మొదటి వరుసలో శీర్షికలు ఉన్నాయి, డేటా రెండో వరుస నుంచి మొదలవుతుంది.

| వరుస | A తేదీ | B సరుకు | C సప్లయర్ | D కిలో రేటు |
|---|---|---|---|---|
| 2 | 3 జూన్ | కందిపప్పు | హోల్‌సేల్ 1 | 142 |
| 3 | 10 జూన్ | కందిపప్పు | హోల్‌సేల్ 1 | 142 |
| 4 | 17 జూన్ | కందిపప్పు | హోల్‌సేల్ 2 | 148 |
| 5 | 24 జూన్ | కందిపప్పు | హోల్‌సేల్ 2 | 148 |
| 6 | 3 జూన్ | మినపప్పు | హోల్‌సేల్ 1 | 126 |
| 7 | 10 జూన్ | మినపప్పు | హోల్‌సేల్ 1 | 126 |
| 8 | 17 జూన్ | మినపప్పు | హోల్‌సేల్ 2 | 121 |
| 9 | 24 జూన్ | మినపప్పు | హోల్‌సేల్ 2 | 121 |

మనిషి కంటితో చూస్తే మార్పులు రెండే. D4లో కందిపప్పు పెరిగింది, D8లో మినపప్పు తగ్గింది. ఏ పద్ధతి వాడినా ఈ రెండు సెల్స్‌కే రంగు పడాలి.

## మొదటి పద్ధతి: రెడీమేడ్ "సమానం కాదు" రూల్

ఎక్సెల్‌లో D3 నుంచి D500 వరకు సెలెక్ట్ చేసి, `Home` → `Conditional Formatting` → `New Rule` → `Format only cells that contain` తీసుకోండి. `Cell Value`, `not equal to` ఎంచుకుని, పక్క పెట్టెలో ఇలా రాయండి:

```
=D2
```

ఫార్ములాలంటే భయపడేవాళ్లకు ఇది తేలిక. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఆ పెట్టెలో టైప్ చేయకుండా మౌస్‌తో D2 మీద క్లిక్ చేస్తే ఎక్సెల్ దాన్ని `=$D$2` అని రాసుకుంటుంది. డాలర్ గుర్తులు ఉన్నంతవరకు ప్రతి సెల్‌నూ D2లోని 142తోనే పోలుస్తుంది, తన పైనున్న సెల్‌తో కాదు. గుర్తుపట్టడం సులభమే: మొదటి మార్పు దగ్గర రంగు మొదలై, కింద దాదాపు అంతా రంగుమయం అవుతుంది. డాలర్లు తీసేస్తే సరిపోతుంది. ఆ పెట్టెలో బాణం మీటలు నొక్కితే కర్సర్ కదలకుండా కొత్త సెల్ అడ్రసులు వచ్చి చేరతాయి కాబట్టి, ముందు F2 నొక్కి ఆ తర్వాత సరిచేయండి.

ఈ పద్ధతికి ఉన్న అసలు పరిమితి వేరే. ఇది సెల్ సొంత విలువను మాత్రమే చూస్తుంది. "సరుకు అదే అయితేనే" అన్న షరతు పెట్టడానికి చోటు లేదు, వరుస మొత్తానికి రంగు వేయడమూ కుదరదు. మన షీట్‌లో D4, D8తో పాటు D6కి కూడా రంగు పడుతుంది, ఎందుకంటే మినపప్పు 126 కందిపప్పు 148తో సమానం కాదు. డేటా అయిపోయిన చోట, పదో వరుసలోని ఖాళీ సెల్‌తో కూడా ఇలాగే పేచీ వస్తుంది.

ఒకే వస్తువు, ఒకే కాలమ్, తాత్కాలికంగా ఒకసారి చూసుకోవడం. ఇంతవరకే దీన్ని వాడండి.

## రెండో పద్ధతి: సొంత ఫార్ములా రూల్

నా లెక్కలో చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. పై మెనూలోనే `Use a formula to determine which cells to format` అన్న వరుస ఉంటుంది. గూగుల్ షీట్స్‌లో అయితే `Format` → `Conditional formatting` → `Custom formula is`. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో `Format` → `Conditional` → `Condition`, అక్కడ `Formula is`.

A3 నుంచి D500 వరకు సెలెక్ట్ చేసి, ఈ ఫార్ములా ఇవ్వండి:

```
=AND($B3=$B2,$D3<>$D2)
```

సరుకు పై వరుసలోదే అయి, రేటు మాత్రం వేరైతేనే రంగు. D6 సమస్య దీంతో తీరిపోయింది, 4, 8 వరుసలే మిగిలాయి. కింద ఖాళీ వరుసలకు కూడా రంగు పడదు, ఎందుకంటే డేటా అయిపోయాక వచ్చే మొదటి ఖాళీ వరుసలో B పై వరుసతో కలవదు, ఆ తర్వాతి వాటిలో రేటు తేడా లేదు. B, D ముందున్న డాలర్ వల్ల వరుసలోని ఏ సెల్ అయినా ఆ రెండు కాలమ్‌లనే చూస్తుంది కాబట్టి వరుస మొత్తం రంగు మారుతుంది. 3 ముందు డాలర్ పెట్టకూడదు.

తేడా ఎటువైపో కూడా తెలియాలంటే దీన్నే రెండు రూల్స్‌గా విడగొట్టండి. `$D3>$D2` ఉన్న రూల్‌కు ఎరుపు, `$D3<$D2` ఉన్నదానికి ఆకుపచ్చ. కొనుగోలు రిజిస్టరులో ఇది నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే రేటు పెరిగినప్పుడు సప్లయర్‌కి ఫోన్ చేస్తాం, తగ్గినప్పుడు మన అమ్మకం ధర చూసుకుంటాం.

ఎక్సెల్‌లో తప్పు ఎక్కువగా జరిగేది ఫార్ములాలో కాదు, సెలెక్షన్‌లో. మీరు రాసే ఫార్ములా, సెలెక్షన్‌లో తెల్లగా కనిపించే యాక్టివ్ సెల్‌కు వర్తిస్తుంది, మిగతా వాటికి అక్కడి నుంచి జరుగుతూ పోతుంది. D3కి రాసిన ఫార్ములాను, D కాలమ్ శీర్షిక మీద నొక్కి మొత్తం సెలెక్ట్ చేసి ఇచ్చారనుకోండి. యాక్టివ్ సెల్ D1 అవుతుంది, రంగులన్నీ రెండు వరుసలు పైకి జరుగుతాయి: నాలుగో వరుసలోని మార్పుకు రెండో వరుసలో రంగు పడుతుంది. రంగు మార్పు పక్కనే ఉండి, కాస్త పైకో కిందికో తప్పితే కారణం దాదాపు ఇదే. `Manage Rules` తెరిచి `Applies to`లోని మొదటి వరుస, ఫార్ములాలోని మొదటి వరుస ఒకటేనా అని చూడండి.

ఇక దీని బలహీనత. జూన్ 14 నాటి కందిపప్పు బిల్లు ఆలస్యంగా దొరికింది, రేటు 148. మీరు నాలుగో వరుస దగ్గర కొత్త వరుస చేర్చి రాశారు. రావాల్సిన ఫలితం ఏమిటి? కొత్త నాలుగో వరుసకు రంగు పడాలి, ఐదో వరుసకు పోవాలి, ఎందుకంటే రెండింటిలోనూ 148 ఉంది. కానీ ఎక్సెల్‌లో ఐదో వరుసకు జరిగిన పాత సెల్ ఇప్పటికీ మూడో వరుసనే పట్టుకుని ఉండొచ్చు. అంటే 142తో పోల్చుకుని రంగు అలాగే ఉంచుకుంటుంది. `Manage Rules` తెరిస్తే ఒక రూల్ ఉండాల్సిన చోట రెండు మూడు ముక్కలు కనిపిస్తాయి. వరుసలు తీసేస్తే ముక్కల్లో `#REF!` కూడా తగులుతుంది. అలాంటి రూల్ ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది, రంగు వేయదు, మీకు చెప్పదు కూడా. ఒక వరుసను కాపీ చేసి మామూలుగా పేస్ట్ చేసినా రూల్ మరో ముక్క అవుతుంది. అందుకే డేటాను పేస్ట్ చేసేటప్పుడు విలువలు మాత్రమే పేస్ట్ చేసే అలవాటు మంచిది.

కొత్త ఎంట్రీలన్నీ కింద రాసి, తర్వాత సరుకు, తేదీ ప్రకారం సార్ట్ చేసేవాళ్లకు ఈ బెడద ఉండదు. అలాంటివాళ్లు మూడో పద్ధతి దాకా వెళ్లనక్కరలేదు.

## మూడో పద్ధతి: వరుసలు కదిలినా చెదరని ఫార్ములా

మధ్యలో వరుసలు చేర్చక తప్పని షీట్లకు ఇది. పై వరుసను `D2` అని పేరు పెట్టి పిలవకుండా, "నేనున్న వరుస కంటే ఒకటి తక్కువ" అని చెబుతాం:

```
=AND($B3=INDEX($B:$B,ROW()-1),
     $D3<>INDEX($D:$D,ROW()-1))
```

దీనిలో సెల్ తన సొంత వరుసను, మొత్తం కాలమ్‌ను మాత్రమే పట్టుకుంటుంది. వరుస చేర్చినా తీసేసినా ఆ రెండూ చెదరవు. జూన్ 14 బిల్లు మళ్లీ చేర్చి చూడండి: నాలుగో వరుస రంగు ఎక్కుతుంది, ఐదోది వదులుకుంటుంది.

ఇదే పనికి చాలామంది `OFFSET($D3,-1,0)` వాడతారు. అది కూడా సరైన ఫలితమే ఇస్తుంది. నేను `INDEX` వైపు మొగ్గడానికి కారణం, ఇదే ఫార్ములాను రేపు సెల్స్‌లోకి తెచ్చుకున్నప్పుడు `OFFSET` షీట్‌లో ఎక్కడ ఏది మారినా మళ్లీ లెక్కకు దిగుతుంది, వేల వరుసలుంటే షీట్ బరువెక్కుతుంది.

మూల్యం ఏమిటంటే, ఆరు నెలల తర్వాత ఈ ఫార్ములాను మరొకరు తెరిస్తే అర్థం చేసుకోవడానికి సమయం పడుతుంది. పైగా కాపీ పేస్ట్‌తో రూల్ ముక్కలవడాన్ని ఇది ఆపదు.

## నాలుగో పద్ధతి: పాత రేటును పక్క కాలమ్‌లోకి తేవడం

ఓనరుకు లెక్క చెప్పాల్సినవాళ్లు, సార్ట్ చేయడానికి వీల్లేని షీట్ ఉన్నవాళ్లు నేరుగా ఇక్కడికి రావచ్చు. పై మూడు పద్ధతులకూ షీట్ సరుకు ప్రకారం సార్ట్ అయి ఉండాలి. కానీ చాలా షాపుల్లో రిజిస్టరు తేదీ క్రమంలోనే నడుస్తుంది. కందిపప్పు పైన చక్కెర, దాని పైన నూనె. అక్కడ "పై సెల్" అన్న మాటకే అర్థం లేదు. కావాల్సింది ఈ సరుకు పోయినసారి ఎంతకు వచ్చిందన్నది.

ఎక్సెల్‌లో E కాలమ్‌కు "పాత రేటు" అని శీర్షిక పెట్టి, E3లో ఇది రాసి కిందికి లాగండి:

```
=IFERROR(LOOKUP(2,
 1/(($B$2:$B2=$B3)*($D$2:$D2<>"")),
 $D$2:$D2),"")
```

పైనున్న వరుసల్లో సరుకు అదే అయి, రేటు ఖాళీగా లేని చోట్ల 1 వస్తుంది, మిగతా చోట్ల సున్నాతో భాగించిన ఎర్రర్ వస్తుంది. `LOOKUP` 2 కోసం వెతికి, దొరక్క, చివరి 1 దగ్గర ఆగుతుంది. ఆ చివరి 1 ఉన్న వరుసే మనకు కావాల్సిన పాత కొనుగోలు. మొదటిసారి కొన్న సరుకైతే ఏదీ దొరకదు కాబట్టి సెల్ ఖాళీగా ఉంటుంది. ఇప్పుడు రంగు రూల్ చాలా చిన్నది:

```
=AND($D3<>"",$E3<>"",$D3<>$E3)
```

ఇంకో సమస్య కూడా దీంతోనే తీరుతుంది. జూన్ 10 నాటి బిల్లులో రేటు రాయలేదనుకోండి. పై సెల్‌తోనే పోల్చే పద్ధతుల్లో ఆ ఖాళీకి ఒకసారి, దాని కింద వరుసకు మరోసారి రంగు పడుతుంది, మొదటిది ఉత్తదే, రెండోది ఖాళీతో పోల్చి పడినదే. ఇక్కడ ఖాళీని దాటి జూన్ 3 నాటి 142తోనే పోలిక జరుగుతుంది.

పక్కనే F కాలమ్‌లో `=IF(AND(D3<>"",E3<>"",D3<>E3),1,0)` పెడితే మొత్తం కూడవచ్చు, సప్లయర్ వారీగా `SUMIFS` చేయవచ్చు, పివట్‌లోకి పంపవచ్చు. రంగులను ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఫిల్టర్ చేయవచ్చు గానీ, మామూలు ఫార్ములా ఏదీ రంగును లెక్కపెట్టలేదు. లెక్క కావాలంటే కాలమ్ తప్పదు.

నష్టాలు కూడా చెప్పాలి. ప్రతి వరుసా తన పైనున్న వరుసలన్నీ వెతుకుతుంది కాబట్టి కొన్ని వేల వరుసలు దాటితే షీట్ నెమ్మదిస్తుంది. మధ్యలో వరుస చేరిస్తే కొత్త వరుసలో ఫార్ములా ఉండకపోవచ్చు, దాని కింది సెల్ కొత్త వరుసను వదిలేసి చూస్తుంది. అలా చేర్చినప్పుడల్లా E3ను మళ్లీ కిందికి లాగాలి. ప్రింట్‌లో అదనపు కాలమ్‌లు కనబడకూడదంటే దాచుకోవాలి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | రెడీమేడ్ రూల్ | సొంత ఫార్ములా | `INDEX` ఫార్ములా | పక్క కాలమ్ |
|---|---|---|---|---|
| సరుకు షరతు | పెట్టలేం | పెట్టొచ్చు | పెట్టొచ్చు | పెట్టొచ్చు |
| సార్ట్ చేయని షీట్ | పనికిరాదు | పనికిరాదు | పనికిరాదు | పనికొస్తుంది |
| మధ్యలో వరుస చేరిస్తే | తప్పు రావచ్చు | తప్పు రావచ్చు | తప్పు రాదు | మళ్లీ లాగాలి |
| మార్పుల లెక్క | రాదు | రాదు | రాదు | వస్తుంది |
| ఎవరికి | ఒక్కసారి చూసుకునేవారికి | కిందే రాసి సార్ట్ చేసేవారికి | వరుసలు చేర్చేవారికి | రిపోర్టు ఇవ్వాల్సినవారికి |

ఐదో దారి అని కొందరు `Ctrl+Shift+\` చెబుతారు. అది ఎక్సెల్‌లో కాలమ్‌లోని తేడాలను సెలెక్ట్ చేస్తుంది, నిజమే. కానీ అన్నిటినీ యాక్టివ్ సెల్ ఒక్కదానితోనే పోలుస్తుంది, పై సెల్‌తో కాదు. మన పనికి అది కాదు.

## పద్ధతి సరైనదే, రంగు మాత్రం తప్పు

కంటికి రెండు విలువలు ఒకేలా కనిపిస్తూ రంగు పడితే, రూల్‌ను తిట్టేముందు డేటాను చూడండి. మన రిజిస్టరులాంటి షీట్‌లో ముఖ్యంగా అనుమానించాల్సినవి మూడు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చిన రేటు ఒక్కోసారి అంకె కాకుండా టెక్స్ట్‌గా దిగుతుంది. అది సెల్‌లో ఎడమవైపుకు అతుక్కుని ఉంటుంది, తరచూ మూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తుంది. ఎక్సెల్ పోలికలో టెక్స్ట్ ఎప్పుడూ అంకె కంటే పెద్దదే. కాబట్టి D5లోని 148 టెక్స్ట్‌గా ఉంటే, ఎరుపు ఆకుపచ్చ రూల్స్ పెట్టుకున్నవాళ్లకు అది "పెరిగింది" అని ఎర్రగా కనిపిస్తుంది. దాని కింద మళ్లీ కందిపప్పే ఉంటే "తగ్గింది" అని ఆకుపచ్చ పడుతుంది. ఎరుపు వెంటనే ఆకుపచ్చ, రెండు చోట్లా రేటు అదే: ఈ జంటను చూస్తే ముందు టెక్స్ట్‌నే అనుమానించండి. ఆ కాలమ్‌ను అంకెలుగా మార్చడమే మందు.

సరుకు పేరు చివర ఉండిపోయిన స్పేస్ దీనికి తిరగబడిన సమస్య. "కందిపప్పు", చివర స్పేస్ ఉన్న "కందిపప్పు" రెండు వేర్వేరు సరుకులైపోతాయి, రావాల్సిన రంగు రాదు. `TRIM($B3)=TRIM($B2)` అని రాస్తే పోతుంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన పేర్లలో ఉండే ప్రత్యేక స్పేస్‌ను `TRIM` తీయదు, దానికి ముందు `SUBSTITUTE($B3,CHAR(160)," ")` చేయాలి.

మూడోది దశాంశాలు. బిల్లు మొత్తాన్ని బరువుతో భాగించి రేటు తీసేవాళ్ల షీట్‌లో 148.00 అని కనిపించే దాని వెనుక 148.0033 ఉండొచ్చు. `ROUND($D3,2)<>ROUND($D2,2)` అని పోల్చండి.

ఫిల్టర్ వేసినప్పుడు మరో సంగతి గుర్తుంచుకోవాలి. హోల్‌సేల్ 2 వరుసలు మాత్రమే చూపిస్తున్నా, రూల్ మాత్రం దాగి ఉన్న పై వరుసతోనే పోలుస్తుంది. కనిపించే వరుసల మధ్య పోలిక కావాలంటే, వాటిని సెలెక్ట్ చేసి `Alt+;` నొక్కి కాపీ చేసి, వేరే షీట్‌లో విలువలుగా పేస్ట్ చేసి అక్కడ రూల్ పెట్టడం అన్నిటికంటే తేలిక.

ఇప్పటికే రూల్స్ ముక్కలైపోయిన షీట్ మీ చేతికొస్తే, ఒక్కొక్క ముక్కను అతికించాలని చూడకండి. `Manage Rules`లో `This Worksheet` ఎంచుకుని, ఈ పనికి సంబంధించిన ముక్కలన్నీ తీసేసి, A3 నుంచి కొత్తగా ఒక్క రూల్ పెట్టండి. తర్వాత మన షీట్‌లో D7ను 130 చేసి చూడండి. ఏడో వరుసకు రంగు రావాలి, ఎనిమిదో వరుసకు ఉన్న రంగు ఉండాలి, ఆరో వరుస, తొమ్మిదో వరుస మామూలుగానే ఉండాలి. రెండు రంగులు పెట్టుకున్నవాళ్లకు ఏడోది ఎరుపు, ఎనిమిదోది ఆకుపచ్చ. అలా వస్తే `Ctrl+Z` నొక్కి 126 తెచ్చుకుని పనిలో పడవచ్చు.